పొరుగు రాష్ట్రాల పట్టిక

మనం అయిదు దక్షిణాది రాష్ట్రాలను తీసుకుందాం. "x కు y తో సరిహద్దు ఉంది" అన్నది నిజమైతే 1, కాకపోతే 0 వేద్దాం. అడ్డువరుస x, నిలువువరుస y.

| | ఆంధ్ర | తెలంగాణ | కర్ణాటక | తమిళనాడు | కేరళ |
|---|---|---|---|---|---|
| ఆంధ్ర | 0 | 1 | 1 | 1 | 0 |
| తెలంగాణ | 1 | 0 | 1 | 0 | 0 |
| కర్ణాటక | 1 | 1 | 0 | 1 | 1 |
| తమిళనాడు | 1 | 0 | 1 | 0 | 1 |
| కేరళ | 0 | 0 | 1 | 1 | 0 |

మొదటి వాక్యం: "ప్రతి రాష్ట్రానికీ వీటిలో ఏదో ఒక పొరుగు రాష్ట్రం ఉంది" (∀x∃y). ప్రతి అడ్డువరుసలోనూ కనీసం ఒక 1 ఉందా అని చూస్తాం. అయిదింటిలోనూ ఉంది కాబట్టి వాక్యం నిజం. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పొరుగు ఉన్నా ఫరవాలేదు.

రెండవ వాక్యం: "ఈ అయిదింటికీ పొరుగైన ఒక రాష్ట్రం వీటిలో ఉంది" (∃y∀x). ఇప్పుడు అన్నీ 1లే ఉన్న నిలువువరుస కావాలి. కర్ణాటకను చూడగానే దొరికిందనిపిస్తుంది. కానీ దాని సొంత గడిలో 0 ఉంది. తనకు తాను పొరుగు కాదు కదా! అంతటితో ఆగకూడదు. మిగిలిన నాలుగు నిలువువరుసలూ చూడాలి. వాటిలోనూ 0లు ఉన్నాయి. కాబట్టి వాక్యం తప్పు.

"తనను మినహాయించి మిగతా అన్నిటికీ" అని మార్చితే, కర్ణాటక వల్ల అది నిజమవుతుంది.

"ప్రతి" అన్నదాన్ని కాదనడానికి ఒక్క అడ్డువరుస తప్పితే చాలు. "ఉంది" అన్నదాన్ని కాదనాలంటే మాత్రం ఒక్క నిలువువరుసనూ వదలకూడదు.