అద్దె ఆలస్యమైనప్పుడు మాట తీరు

బెంగళూరులో స్థిరపడిన ఒక తెలుగు గృహిణి తన ఇంటి పై అంతస్తును ఏడేళ్లుగా ఒకే కుటుంబానికి అద్దెకు ఇస్తోంది. ఒప్పందం ప్రకారం నెలకు 14,000 రూపాయల అద్దె 5వ తేదీలోగా అందాలి. అద్దెదారు ఇంటిని శుభ్రంగా ఉంచుతాడు. కరెంటు బిల్లు సకాలంలో కడతాడు. ఇరుగుపొరుగుతో ఏ తగాదా లేదు. అయితే ఏడాదిగా అద్దె మాత్రం ఆలస్యమవుతోంది. ఆమె గృహరుణం వాయిదా 10వ తేదీన బ్యాంకు ఖాతా నుంచి పోతుంది. ఖాతాలో సొమ్ము చాలక రెండుసార్లు అపరాధ రుసుము పడింది. ఊరుకుంటే నష్టం, కఠినంగా మాట్లాడితే మంచి అద్దెదారు దూరమవుతాడు.

ఇటువంటి సందర్భంలో మాట్లాడేముందు చేయవలసిన పని ఒకటి ఉంది. గడచిన పన్నెండు నెలల్లో అద్దె అందిన తేదీలను, మొత్తాలను ఒక కాగితం మీద వరుసగా రాసుకోవాలి. ఈ ఇంటి విషయంలో తొమ్మిది నెలలు అద్దె 11, 13 తేదీల మధ్య వచ్చింది. మూడు నెలలు 18వ తేదీకి చేరింది. ప్రతిసారీ మొత్తం సొమ్ము ఒకేసారి అందింది. ఆలస్యం ఇలా ఒకే తేదీ చుట్టూ ఉంటే, జీతం వచ్చే రోజు మారి ఉండవచ్చునని ఊహించవచ్చు. ఆలస్యం నెలనెలా పెరుగుతూ, అద్దె ముక్కలుగా వస్తుంటే మాత్రం అది ఆదాయం తగ్గిందనడానికి సూచన. మొదటిదానికి తేదీ గురించి మాట్లాడితే చాలు; రెండవదానికి బకాయి గురించి, ఇంటి అద్దె భరించగల శక్తి గురించి మాట్లాడాలి.

తరువాత సమయం, స్థలం చూసుకోవాలి. అద్దె చేతికిచ్చిన క్షణంలో గాని, పిల్లల ఎదుట గాని, మెట్ల మీద నిలబడి గాని ఈ మాట ఎత్తకూడదు. నెల చివరివారంలో, ఇద్దరూ తీరికగా ఉన్నప్పుడు, నేరుగా మాట్లాడాలి. పక్కింటివారి ద్వారా కబురు పంపడం అవమానంగా తోస్తుంది. ఆ గృహిణి ఇలా అడిగింది:

"బాబూ, ఏడేళ్లుగా మీ వల్ల మాకు ఏ ఇబ్బందీ లేదు. ఈ ఏడాది అద్దె మాత్రం 11, 12 తేదీల్లో వస్తోంది. మా బ్యాంకు వాయిదా 10న పోతుంది, రెండుసార్లు అపరాధ రుసుము కట్టాం. మీ జీతం ఎప్పుడు పడుతోందో చెబితే ఇద్దరికీ కుదిరే తేదీ పెట్టుకుందాం."

అతడు బదులిచ్చాడు: "అమ్మా, పోయిన ఏడాది కాంట్రాక్టరు మారాడు. అప్పటినుంచి జీతం 10న వస్తోంది. తేదీ మార్చమని అడగడానికి మొహమాటపడ్డాను."

ఆమె మాటల్లో తేదీలు ఉన్నాయి, నిందలు లేవు. "మీరెప్పుడూ ఇంతే", "మా మంచితనం అలుసైపోయింది" వంటి మాటలు వస్తే అతడు తేదీని వదిలి తన పరువును కాపాడుకునే పనిలో పడేవాడు. అలాగని "వీలున్నప్పుడే ఇవ్వండి" అనడమూ పొరపాటే; ఆ ఒక్క మాటతో గడువే లేకుండా పోతుంది.

అభ్యంతరం చెప్పకుండా ఏళ్ల తరబడి ఆలస్యపు అద్దె తీసుకుంటే, గడువును యజమానే సడలించారని వివాదవేళ అద్దెదారు వాదించవచ్చు. అందుచేత కుదిరిన మాటను ఆ రోజే రాతలో పెట్టాలి. ఆమె ఫోనుకు పంపిన సందేశం ఇది: "వచ్చే నెల నుంచి అద్దె 12వ తేదీలోగా ఇవ్వాలని ఇద్దరం అనుకున్నాం. ఏ నెలైనా ఆలస్యమయ్యేలా ఉంటే 10వ తేదీలోగా, ఇచ్చే రోజుతో సహా తెలియజేయండి. సమ్మతమైతే బదులివ్వండి." వాయిదా తేదీని 15కు మార్చమని ఆమె బ్యాంకును కోరింది, బ్యాంకు అంగీకరించింది. రసీదులో సొమ్ము నిజంగా అందిన తేదీనే వేయడం మొదలుపెట్టింది.

కొత్త గడువూ వరుసగా రెండు నెలలు తప్పితే అప్పుడు స్వరం మారాలి. "బాబూ" అన్న పిలుపు స్థానంలో పేరు, "గారికి" ఉన్న ఉత్తరం రావాలి. అందులో ఒప్పుకున్న గడువు, తప్పిన తేదీలు, చెల్లించవలసిన మొత్తం, చివరి రోజు మాత్రమే ఉండాలి. నిజంగా చేయని పనిని బెదిరింపుగా రాయకూడదు. నీళ్లు, కరెంటు ఆపడం చట్టసమ్మతం కాదు. ఇల్లు ఖాళీ చేయించదలిస్తే అది వేరే ప్రక్రియ. నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షను సాధారణంగా 15 రోజుల లిఖితపూర్వక నోటీసు కోరుతుంది; ఒప్పందం, రాష్ట్ర అద్దె చట్టం వేరుగా చెప్పవచ్చు గనుక ముందుగా న్యాయవాదిని సంప్రదించాలి.

ఈ ఇంట అంతదూరం పోవలసిన అవసరం రాలేదు. మరుసటి నెల అద్దె 11వ తేదీన అందింది. అది గడువుకు ఒకరోజు ముందు.