మార్కాపురం పొలం మ్యాపులో హెక్టార్లు: జీఐఎస్ ఉద్యోగంలో అసలు పరీక్ష

మార్కాపురం, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల డిగ్రీ, డిప్లొమా చదివి జీఐఎస్ ఉద్యోగాల వైపు చూసేవారు చాలామంది క్యూజీఐఎస్‌లో మ్యాపు గీయడం వరకు నేర్చుకుని ఆగిపోతారు. పని ఇచ్చేవారికి కావాల్సింది గీత కాదు, గీత లోపలి విస్తీర్ణం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే పాత సర్వే నంబర్లున్న పొలాలకు ఎల్‌పీఎం నంబర్లు తెచ్చింది. రెవెన్యూ లెక్క ఎకరాలు, సెంట్లలో నడుస్తుంది. అటవీ భూమి మళ్లింపు ప్రతిపాదనల్లో హెక్టార్లు అడుగుతారు. నల్లమల అంచున ఉన్న ఈ మండలాల్లో ఒకే పొలానికి రెండు కొలతలూ అవసరమవుతాయి. అందుకే ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో సూత్రం రాయడం ఎంత ముఖ్యమో, వచ్చిన అంకెను నమ్మవచ్చో లేదో తేల్చగలగడం అంతకంటే ముఖ్యం.

ఒక ఉదాహరణ చూద్దాం. అడంగల్‌లో 2 ఎకరాల 5 సెంట్లున్న పొలాన్ని మ్యాపులో గీశామనుకుందాం. సెంటు అంటే సుమారు 40.47 చదరపు మీటర్లు కాబట్టి అది 8,296 చదరపు మీటర్లు, అంటే 0.83 హెక్టారు. ఆ లేయరు అక్షాంశ రేఖాంశాల్లో, అంటే EPSG:4326లో ఉండగా `area($geometry)/10000` అని రాస్తే దాదాపు సున్నా వస్తుంది. డిగ్రీలను మీటర్లనుకుని భాగించడమే కారణం. ఈ తప్పు వెంటనే కంటపడుతుంది కనుక ప్రమాదం తక్కువ. అదే పొలం గూగుల్ తరహా బేస్‌మ్యాపుల EPSG:3857లో ఉంటే 0.90 వస్తుంది. మన అక్షాంశం దగ్గర ఆ ప్రొజెక్షన్ విస్తీర్ణాన్ని 8 శాతానికి పైగా ఉబ్బిస్తుంది. చూడటానికి 0.90 సబబుగానే ఉంటుంది, కానీ రైతు పొలానికి 17 సెంట్లు కలిసిపోతాయి. ఇలాంటి తప్పును రికార్డుతో పోల్చి చూసినప్పుడే పట్టుకోగలం.

`$area` వాడితే ఈ గొడవే ఉండదు కదా అని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. అది ప్రాజెక్టులో పెట్టిన ఎలిప్సాయిడ్ ప్రకారం భూమి వంపును లెక్కలోకి తీసుకుంటుంది. చిక్కేమిటంటే, ఫలితం ఏ యూనిట్లలో రావాలో కూడా ప్రాజెక్టు సెట్టింగే నిర్ణయిస్తుంది. మరొకరి కంప్యూటర్‌లో ఆ సెట్టింగు హెక్టార్లలో ఉంటే, 10000తో భాగించే మీ సూత్రం పొలాన్ని పదివేలవ వంతుకు కుదించేస్తుంది. చేతులు మారే ఫైలుకు ఇంకొకరి సెట్టింగు మీద ఆధారపడని సూత్రమే మేలు:

```
area(transform($geometry, @layer_crs, 'EPSG:32644')) / 10000
```

మార్కాపురం, గిద్దలూరు రెండూ యూటీఎం 44వ జోన్‌లోవే. యూటీఎంలోనూ వక్రీకరణ ఉంటుందన్న అభ్యంతరం సరైనదే. అయితే గిద్దలూరు దగ్గర అది హెక్టారుకు సుమారు 4 చదరపు మీటర్లు, అంటే సెంటులో పదోవంతు. మార్కాపురం దగ్గర ఇంకా తక్కువ. అనంతపురం వైపు పని దొరికితే మాత్రం ఇదే సూత్రంలో జోన్‌ను 43కి, అంటే EPSG:32643కి మార్చాలి. ఈ ఫలితానికి `ha` అనే కొత్త కాలమ్ తెరిచేటప్పుడు డెసిమల్ రకం ఎంచుకుని, నాలుగు దశాంశ స్థానాలు ఇవ్వండి. పూర్ణాంక రకంలో వదిలేస్తే 0.83 కాస్తా 1 అవుతుంది. రెండు స్థానాలే ఇస్తే 0.01 హెక్టారు దాదాపు రెండున్నర సెంట్లు కనుక సెంట్ల లెక్క చెడుతుంది.

ఇక లేబుల్. సర్వే నంబరు, హెక్టార్లు, ఎకరాలు ఒకేచోట కనిపించాలి. రీసర్వే డేటాలో పాత నంబరు ఖాళీగా ఉన్న పొలం తగిలిందంటే, `||` గుర్తుతో కలిపిన లేబుల్ మొత్తం మాయమవుతుంది, ఎందుకంటే NULLతో ఏది కలిపినా NULLే. దానికి `coalesce` కావాలి. రెండో చిక్కు సెంట్లది. 2 ఎకరాల 5 సెంట్లను 2.5 అని అచ్చేస్తే చదివేవారికి అది 2 ఎకరాల 50 సెంట్లు. కాబట్టి ముందు మొత్తాన్ని పూర్తి సెంట్లుగా సవరించి, తర్వాత ఎకరాలు విడదీయాలి:

```
with_variable('c', round("ha" * 10000 / 40.4686),
  coalesce("sy_no", '?') || '\n' ||
  format_number("ha", 2) || ' హె. / ' ||
  floor(@c / 100) || '.' ||
  lpad(@c % 100, 2, '0') || ' ఎ.')
```

మన పొలానికి ఇది 0.83 హె. / 2.05 ఎ. అని చూపుతుంది. విడదీశాక సెంట్లను సవరిస్తే ఎక్కడో ఒక పొలానికి '2 ఎకరాల 100 సెంట్లు' అని పడే అవకాశముంది. ముందే సవరించడం అందుకే.

ఇదంతా ఎక్సెల్‌లో చేయలేమా అని అడిగేవారుంటారు. భాగహారం చేయవచ్చు, కానీ పొలాన్ని అన్నదమ్ములు పంచుకున్న రోజున ఎక్సెల్‌కు ఆ సంగతి తెలియదు. క్యూజీఐఎస్ కూడా దానంతట అది సరిచేయదు. పాలిగాన్‌ను స్ప్లిట్ చేస్తే రెండు ముక్కలకూ పాత 0.83 అలాగే ఉండిపోవచ్చు. స్ప్లిట్ చేసిన ప్రతిసారీ `ha` కాలమ్‌ను మళ్లీ లెక్కించి, ఊరి మొత్తం విస్తీర్ణం మారలేదని చూడాలి. లేబుల్‌ను కాలమ్‌లో భద్రపరచకుండా లేబుల్ సెట్టింగులోనే సూత్రంగా ఉంచితే, కాలమ్ మారగానే అదీ మారుతుంది. పక్కనే రికార్డు విస్తీర్ణానికి ఇంకో కాలమ్, తేడాకు మరొకటి పెట్టండి. చట్టప్రకారం చెల్లే లెక్క రికార్డుదే. మీరు కొలిచింది దానికి బదులు కాదు. తేడా పెద్దదిగా ఉన్న పొలాల జాబితాను సర్వేయరు ముందుంచగలిగితే, తిరిగి గొలుసు పట్టాల్సిన పొలాలేవో ఆయనకు తెలుస్తుంది.