మూలభావం – సొంతవాక్యం

క్రీ.శ. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఏలుబడిలో ఉండేది. తిక్కన సమకాలికుడైన కేతన ఆ కాలంలో ఒక సంస్కృత ధర్మశాస్త్ర గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన ‘మితాక్షర’ అనే వ్యాఖ్య దానికి మూలం. కేతన తన గ్రంథానికి ‘విజ్ఞానేశ్వరీయము’ అని పేరు పెట్టాడు. భావం ఎవరిదో గ్రంథనామమే చెబుతున్నది. పద్యం కేతనది. ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అనే శాస్త్రపదాలు మాత్రం మూలంలోనివే. ధర్మశాస్త్రంలో ‘వ్యవహారం’ అంటే న్యాయవివాదం. దానికి బదులు ‘లావాదేవి’ అని వ్రాస్తే విషయమే మారిపోతుంది.

మతాచారాలను గురించి వ్యాసం వ్రాసే విద్యార్థి ఈ మూడింటినీ పాటించాలి. భావం ఎవరిదో చెప్పాలి. వాక్యం తనదై ఉండాలి. పారిభాషిక పదాన్ని చెదరనీయరాదు. నెల్లూరు రొట్టెల పండుగ ఇందుకు తగిన ఉదాహరణ. అభ్యాసం కోసం కూర్చిన ఈ కింది భాగాన్ని ఒక పరిశోధకుని వ్యాసంలోనిదిగా భావించాలి.

మూలం: “మొహర్రం మాసంలో బారాషహీద్ దర్గాను దర్శించే భక్తులు స్వర్ణాల చెరువులో నిలిచి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక నెరవేరినవారు ఇచ్చే రొట్టెను కోరిక గలవారు స్వీకరిస్తారు. అది ఫలించిన పిదప తామూ రొట్టె ఇస్తారు. కాబట్టి ఈ మొక్కులో దాత, గ్రహీత అనే స్థానాలు స్థిరమైనవి కావు. దీనిని చక్రీయ మొక్కు అనవచ్చు.”

దీనిని ఒక విద్యార్థి ఇట్లా మార్చాడనుకుందాం: “మొహర్రం నెలలో బారాషహీద్ గుడిని చూచే భక్తులు స్వర్ణాల తటాకంలో నిలబడి రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. కోర్కె తీరినవారు ఇచ్చే రొట్టెను కోర్కె ఉన్నవారు తీసుకుంటారు. అది తీరిన తరువాత తామూ రొట్టె ఇస్తారు. కనుక ఈ ప్రార్థనలో దాత, గ్రహీత స్థానాలు శాశ్వతం కావు.”

ఇక్కడ రెండు దోషాలున్నాయి. మొదటిది గ్రంథచౌర్యం. పదాలు మారినా వాక్యాల వరుస, నిర్మాణం మూలానివే. పైగా పరిశోధకుని పేరు లేదు. రెండవది అర్థభంగం. దర్గా గుడి కాదు. పూజ్యులైన వారి సమాధి ఉన్న స్థలం. బారాషహీద్ అనే పేరే పన్నెండుగురు అమరులను తెలుపుతుంది. ‘మొక్కు’ను ‘ప్రార్థన’గా మార్చడం అంతకన్నా పెద్ద పొరపాటు. కోరిక తీరితే ఫలానాది సమర్పిస్తానన్న మాట మొక్కులో ఉంటుంది. ప్రార్థనలో అది ఉండి తీరాలన్న నియమం లేదు. తిరిగి ఇవ్వడమనే బాధ్యత తొలగితే, గ్రహీత దాతగా మారడానికి కారణమే మిగలదు. మార్చవలసిన వాక్యాన్ని అట్లే ఉంచి, ఉంచవలసిన పదాన్ని మార్చడమే ఈ రెండు దోషాలకూ మూలం.

సరియైన పద్ధతి ఇది. ముందుగా భాగాన్ని రెండుమూడు సార్లు చదివి, మార్చరాని పదాలను వేరుగా వ్రాసుకోవాలి: దర్గా, మొహర్రం, మొక్కు. ఇవి అందరూ వాడే పదాలు కనుక వీటికి ఉద్ధరణ చిహ్నాలు అక్కరలేదు. ‘చక్రీయ మొక్కు’ అట్లా కాదు. అది ఆ పరిశోధకుడు కల్పించిన పదబంధం. దానిని చిహ్నాల మధ్య ఉంచి, ఆయనదని చెప్పాలి. తరువాత పుస్తకం మూసి, ఆయన చెప్పదలచినదేమో తనకు తాను చెప్పుకొని వ్రాయాలి. పుస్తకం తెరచి ఉంటే కన్ను మూలవాక్యం వెంటనే నడుస్తుంది.

అప్పుడు రచన ఇట్లా ఉండవచ్చు: “రొట్టెల పండుగలో ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు వేర్వేరు వర్గాలు కారని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కోరికతో ఒకనాడు రొట్టె అందుకొన్న భక్తుడే, అది నెరవేరాక మరొకరికి రొట్టె ఇచ్చేవాడవుతాడు. బారాషహీద్ దర్గా వద్ద ఇట్లు చేతులు మారే మొక్కును ఆయన ‘చక్రీయ మొక్కు’ అన్నాడు.”

మూలంలో చివర ఉన్న సిద్ధాంతం ఇక్కడ ముందుకు వచ్చింది. ఆచారం దానికి ఆధారంగా నిలిచింది. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటారన్నది లోకవిదితం; దానికి ఒకరి పేరు చెప్పనవసరం లేదు. స్థానాలు మారుతాయన్న విశ్లేషణ ఒకరి ఆలోచన. మాటలన్నీ మార్చినా పేరు చెప్పక తప్పదు.

చివరగా రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పారిభాషిక పదాలను కొట్టివేసిన తరువాత కూడా నాలుగైదు మాటలు అదే వరుసలో కనిపిస్తే ఆ వాక్యాన్ని తిరిగి వ్రాయాలి. మూలంలో లేని మాట చేరిందేమో కూడా చూడాలి. “రొట్టె తింటే కోరిక తీరుతుంది” అని వ్రాస్తే, భక్తుల విశ్వాసాన్ని పరిశోధకుని నిర్ణయంగా చెప్పినట్లవుతుంది. ఒక్క మాట మార్చినా అర్థం చెడే నిర్వచనమైతే, దానిని ఉన్నదున్నట్లు ఉద్ధరణ చిహ్నాలలో ఇచ్చి మూలాన్ని పేర్కొనడమే మేలు.