అమ్మేవారి రేటు, కొనేవారి రేటు

ప్రశ్న: చేవెళ్లలో ఫ్లాట్ల ఏజెంటుగా పనిచేస్తున్నాను. రిటైర్డ్ టీచరొకాయన తన 1,150 అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు 58 లక్షలు చెబుతున్నారు. ఈమధ్య అమ్ముడైన మూడు ఫ్లాట్లతో పోల్చి 40 లక్షల దగ్గర పలుకుతుందన్నాను. "మా ఇంటిని చవక చేస్తున్నావా బాబూ" అని కోప్పడ్డారు. 58కే ఒప్పుకుని తర్వాత మెల్లగా దించమంటున్నారు మా సీనియర్. ఏం చేయాలి?

జవాబు: ఆ సలహా వినకండి. 58కి సరేనంటే ఆయన చేతికి రాని డబ్బును వచ్చినట్టే నమ్మించినవారవుతారు. ఆ నమ్మకంతో ఆయన ఇంకో స్థలానికి అడ్వాన్స్ ఇచ్చేస్తే ఆ నష్టం ఎవరిది? పైగా నిజంగా కొనే ఉద్దేశమున్నవాళ్లు మొదటి వారాల్లోనే వచ్చి చూసిపోతారు. నాలుగు నెలలయ్యాక రేటు తగ్గిస్తే, కాగితాల్లో ఏదో తిరకాసు ఉందనుకుంటారు. అప్పుడు 40 కూడా రాదు. సొంతదారును సంతోషపెట్టడానికి రేటు పెంచి చెప్పే అలవాటే ఈ వృత్తికి పట్టిన చీడ.

మీ పొరపాటు అంకెలో లేదు, అంకెను ముందు చెప్పడంలో ఉంది. మీరు పంపిన మూడూ మంచి పోలికలే. మూడూ మీ ఊళ్లోవే, ఆరు నెలల్లోపు అమ్ముడైనవే. కానీ మూడింటి సగటు తీసి చెప్పేశారు. ఆయన ఎదుటే లెక్క కట్టి ఉండాల్సింది.

మొదటిది అడుగు 3,600కి పోయింది, కానీ ఈయనదానికంటే మూడేళ్లు కొత్త బిల్డింగు. దానికి వంద తీసేస్తే 3,500. రెండోది 1,050 అడుగులు, 35.7 లక్షలు, అంటే అడుగు 3,400. దానికి కారు పార్కింగ్ లేదు, ఈయనకు ఉంది. మీ దగ్గర పార్కింగ్‌కు నడుస్తున్న 2 లక్షలు కలిపితే 3,590. మూడోది 1,200 అడుగులు, 42 లక్షలు. అందులో కప్‌బోర్డులు, ఏసీలు కలిపి అమ్మారని మీరే రాశారు. వాటికి 2.4 లక్షలు తీస్తే 3,300. ఈ లెక్కన ఆయన ఫ్లాట్ 38 నుంచి 41 లక్షలు. ప్రతి కూడికా, తీసివేతా ఆయన్నే అడిగి వేయండి. "సార్, పార్కింగ్‌కు ఎంత కలుపుదాం?" అంటే ఆయనే చెబుతారు. టీచరుగారు కదా, తను వేసిన లెక్కను కాదనరు. వీలైతే ఆ మూడు ఫ్లాట్లలో ఒకదానిలోకి ఆయన్ను తీసుకెళ్లి చూపించండి.

ఇంకొక కాగితం కూడా పట్టుకెళ్లండి. 50 లక్షల పైన చెప్పి నెలలుగా అమ్ముడుపోని ఫ్లాట్లు, ఒక్కొక్కటీ ఏ తేదీ నుంచి అమ్మకానికి ఉందో రాసి. ఆయన మనసులోని 58 ఇలాంటి చెప్పుడు రేట్ల నుంచే వచ్చి ఉంటుంది.

చివరగా బ్యాంకు సంగతి చెప్పండి. 58కి కొంటానని ఎవరైనా ముందుకొచ్చినా, బ్యాంకు పంపే వాల్యూయర్ 40 అని రాస్తే కథ అక్కడే ఆగుతుంది. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణాలకు రిజర్వ్ బ్యాంక్ పరిమితి ఇంటి విలువలో 80 శాతం. 40కి 80 శాతమంటే 32 లక్షలు. మిగతా 26 లక్షలు కొనేవాళ్లు చేతి నుంచి పెట్టుకోవాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు అదనం. అదే 40కి అమ్మితే వాళ్లకు కావాల్సింది 8 లక్షలే. లోను మీద కొనేవాళ్లే ఎక్కువున్న చోట ఈ తేడాయే బేరాన్ని తేలుస్తుంది.

ఇంత చెప్పినా వినకపోతే 43కి నెల రోజులు పెట్టి చూద్దామనండి. ఎవరూ రాకపోతే ఏ తేదీన ఎంతకు దించాలో ముందే రాసుకోండి. దానికీ ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ప్రశ్న: కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. దగ్గర్లోనే ఉన్న మొయినాబాద్‌లో మా ఫ్లాట్ రేటు ఏజెంటు ఎందుకంత తక్కువ చెబుతున్నాడు?

జవాబు: 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో ఆ ధర పలికింది ఆకాశహర్మ్యాలు కట్టుకోగలిగే భూమికి. మీకున్నది ఫ్లాటు, దాని కింద కొన్ని గజాల అవిభక్త వాటా. అంతకంటే ముఖ్యమైనది, జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన జీవో 111 కిందికి 84 గ్రామాలు వచ్చాయి. వాటిలో మొయినాబాద్ మండలానివీ ఉన్నాయి. ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో జీవో 69 ఇచ్చారు గానీ, అంతకుముందు కట్టిన బిల్డింగు అనుమతి ఏమిటన్నది కొనేవాళ్ల లాయరు అడిగే మొదటి ప్రశ్న. మీ ప్లాను, అనుమతి కాగితాలు తీసి, వాటిపై లోను ఇస్తారో లేదో ఏదైనా బ్యాంకులో అడగండి. ఇవ్వబోమంటే మీ ఫ్లాటును లోను వచ్చే ఫ్లాట్లతో పోల్చకూడదు. పూర్తి నగదు పెట్టి కొన్నవాటితోనే పోల్చాలి.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ ఆఫీసు మార్కెట్ విలువ చూపించి సొంతదారును ఒప్పించవచ్చా?

జవాబు: వద్దు, అది స్టాంపు డ్యూటీ లెక్కకు ప్రభుత్వం పెట్టుకున్న విలువ, కొనేవాళ్లు ఇచ్చే ధర కాదు.