ప్రేమపాటను దాటించేటప్పుడు ఏది వదలాలి?

సినిమా పాటల అనువాదం మనకు కొత్తేం కాదు. 1950లో హిందీ నుంచి డబ్ అయిన ‘ఆహుతి’కి శ్రీశ్రీ పాటలు రాశారు. ఆయనకు తెరమీద పెదవుల కదలికతో కూడా పేచీ. మనకు ఆ బాధ లేదు, బాణీ ఒక్కటే.

మా ఓయూ హాస్టల్‌లో హిందీ మిత్రుడొకడు సొంతంగా పాట కట్టి, తెలుగులో కావాలన్నాడు. పల్లవి ఇదీ:

తేరీ రాహో మే షామ్ ఢలీ
ఆంఖో మే ఫిర్ ఇక్ జోత్ జలీ

తార్నాకలో టీ తాగుతూ బల్లమీద తాళం వేసి లెక్కపెట్టాం. స్కూల్లో చదివిన లఘువు ఒకటి, గురువు రెండు లెక్కే. పాదానికి పదహారు మాత్రలు, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలు. చివరి ముక్క రెండు లఘువులు, ఒక గురువు. ఆ గురువు మీదే గొంతు సాగాలి.

‘నీ కోసం ఎదురు చూస్తుంటే సాయంత్రమైంది’ అంటే అర్థం చక్కగా వస్తుంది. కానీ ఇరవై మూడు మాత్రలు! పైగా చివర పొట్టి ‘ది’. దాన్ని సాగదీస్తే ‘అయిందీ...’ అని దీర్ఘం తీసినట్టుంటుంది. హిందీ ‘షామ్’ హల్లుతో టక్కున ఆగుతుంది, మన మాటలు చాలావరకు అచ్చుతోనో సున్నాతోనో గానీ ఆగవు. అందుకే మాటకు మాట పెడితే పాదం పొంగిపోతుంది.

తర్వాత ‘నీ దారుల్లో పొద్దే ఒరిగే’ అన్నాను. లెక్క సరిపోయింది. అయితే హిందీలో ‘రాహ్’ అనగానే ఎదురుచూపు స్ఫురిస్తుంది. తెలుగులో ‘నీ దారుల్లో’ అంటే ఏ వీధిలోనో పొద్దుపోయిందని వినిపిస్తుంది. దారా, ఎదురుచూపా? నేను దారినే వదిలాను:

నీకై చూస్తూ పొద్దే ఒరిగే
కళ్లలొ మళ్లీ దీపం వెలిగే

‘కళ్లలో’లోని దీర్ఘం కుదించాను. పాటలో అది చెల్లుతుంది. ఒరిగే–వెలిగే అంత్యప్రాస దానంతటదే కుదిరింది. ‘ళ్ల’ రెండుసార్లు రావడం బోనస్. చివరి ‘ఏ’ దగ్గర నోరు తెరిచి ఎంతసేపైనా సాగదీయొచ్చు.

వ్యాకరణం ప్రకారం ‘చూస్తూ’ అన్నాక కర్త మారకూడదు. అంటే ఇక్కడ ఎదురుచూసింది ప్రియుడు కాదు, పొద్దే! ‘చూస్తే’ అని దిద్దబోయి ఆగిపోయాను. మాత్ర కోసం తగిలించిన ‘పొద్దే’లోని ‘ఏ’కి ఇప్పుడు పని దొరికింది. ఆమె కోసం సూర్యుడు కూడా చూసి చూసి ఒరిగిపోయాడు.

మిత్రుడికి మాత్రం ‘రాహ్’ పోయిందన్న బెంగ తీరలేదు. రెండో చరణంలో ఖాళీ ఉంది, ‘బాట’ అక్కడ పెడదామన్నాను. రెండే గురులఘువులు, మూడు మాత్రలు. పక్కన ఒక్క లఘువు దొరికితే చాలు.