పల్లి కారం వీడియోకు పేరు పెట్టేది వెతికేవాళ్లే

కారప్పొడులు అమ్మే చిన్న బ్రాండ్లకు వీడియోలు తీసేవాళ్లు దొరుకుతున్నారు, ఎడిటింగ్ చేసేవాళ్లూ దొరుకుతున్నారు. తీసిన వీడియో యూట్యూబ్‌లో వెతికినవాళ్ల కంటపడేలా తెలుగులో టైటిల్, డిస్క్రిప్షన్ రాయగలిగినవాళ్లే తక్కువ. డిజిటల్ మార్కెటింగ్‌లోనో కంటెంట్ రైటింగ్‌లోనో ఉద్యోగం చూసుకుంటున్న తెలుగు మీడియం విద్యార్థికి ఇది చక్కగా అబ్బే పని. ఎందుకంటే దీనికి కావలసింది అందమైన వాక్యం కాదు, జనం ఏ వస్తువును ఏ పేరుతో పిలుస్తారో తెలిసి ఉండటం. టైటిల్‌ను రచయిత కల్పించకూడదనీ, వెతికేవాళ్లు అప్పటికే టైపు చేస్తున్న మాటల్లోంచి ఏరుకోవాలనీ నా వాదన. దీన్ని ఒక్క పొడి మీదే పరీక్షించి చూద్దాం: పల్లి కారం.

ఒక చిన్న బ్రాండు నాలుగు నిమిషాల వీడియో తీసిందనుకుందాం. పల్లీలు వేయించడం దగ్గర్నుంచి సీసాలోకి ఎత్తడం దాకా అందులో ఉంది. యజమాని ఇచ్చిన టైటిల్ ‘అమ్మమ్మ చేతి కమ్మదనం, మన ఇంటి సంప్రదాయ రుచి’. చదవడానికి బాగుంది కానీ ఆకలేసినప్పుడు ఎవరూ ఫోనులో ఆ మాటలు కొట్టరు. మరి ఏం కొడతారు? ఊహించనక్కర్లేదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ కాకుండా యూట్యూబ్ వెతుకుపెట్టెలో ‘పల్లి కారం’ అని కొట్టి ఎంటర్ నొక్కకుండా ఆగండి. కింద జారే సూచనలు జనం తరచుగా వెతికే మాటల నుంచి వస్తాయి. మీ పాత వెతుకులాటలు వాటిలో కలవకూడదనే ఇన్‌కాగ్నిటో. ఆ వరుసను కాగితం మీద రాసుకుని, ఇదే పని ‘వేరుశనగ పొడి’తో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘palli karam’తో ఒకసారి చేయండి. మూడు వరుసలూ ఒకేలా ఉండవు. గూగుల్ ట్రెండ్స్‌లో కూడా వెబ్ సెర్చ్ బదులు యూట్యూబ్ సెర్చ్ ఎంచుకుని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను విడివిడిగా చూడొచ్చు. కాకపోతే ఇలాంటి చిన్న మాటలకు అక్కడ చాలాసార్లు లెక్క చాలక ఖాళీ గీతే కనిపిస్తుంది. అది కనిపించిందని ఆ మాటను ఎవరూ వెతకడం లేదని తేల్చేయకూడదు.

పేర్ల సంగతి ఇక్కడే తేలుతుంది. తెలంగాణలో పల్లీలు, కోస్తాలో వేరుశనగ గుళ్లు, రాయలసీమలో శనక్కాయలు, కర్నూలు, అనంతపురం వైపు బుడ్డలు. గింజ ఒకటే అయినా వెతుకుపెట్టెలోకి వచ్చేసరికి నాలుగు దారులు. నాలుగింటినీ టైటిల్‌లో పోస్తే అది జాబితా అవుతుంది. టైటిల్‌కు ఒక్క పేరునే ఎంచి మిగతావాటిని డిస్క్రిప్షన్‌కు వదలాలి. మన బ్రాండు కొనుగోలుదారుల్లో ఎక్కువమంది హైదరాబాదు వాళ్లయితే ‘పల్లి కారం పొడి’ అనడమే సరి. రాయలసీమ జిల్లాల్లోనే అమ్ముతున్నట్టయితే ఆ ఎంపిక మారుతుంది. కాబట్టి టైటిల్ రాసే ముందు యజమానిని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘పార్శిళ్లు ఎక్కువగా ఎటు వెళ్తున్నాయి?’

పేరు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఆ పేరుతో అప్పటికే బోలెడు వీడియోలుంటాయి. వెతికేవాళ్లను వేధిస్తున్న ఇబ్బంది ఏమిటో కూడా పట్టుకోవాలి. పల్లి కారంలో అది అందరికీ తెలిసిందే. పల్లీలను ఆపకుండా మిక్సీ పడితే నూనె వదిలి ముద్దయిపోతాయి. బాగా చల్లారనిచ్చి, ముందు ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు పొడి చేసుకుని, పల్లీలు చివర్లో వేసి ఆపి ఆపి తిప్పితే పొడి పొడిగానే ఉంటుంది. మన వీడియోలో ఈ కిటుకు చూపించారు కనుక టైటిల్ ఇలా కుదురుతుంది: ‘పల్లి కారం పొడి ముద్ద కట్టకుండా పొడిపొడిగా రావాలంటే | Palli Karam Podi’. యూట్యూబ్ టైటిల్‌కు 100 క్యారెక్టర్ల దాకా చోటిస్తుంది. తెలుగులో గుణింతం గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘పల్లి’ కంటికి రెండక్షరాలే, లెక్కలో ఐదు. మన టైటిల్ మొత్తం 70 అవుతుంది. పరిమితికి లోపలే ఉన్నా ఫోను తెరపై టైటిల్ తోక తెగిపోవచ్చు. అందుకే పొడి పేరు మొదట, ఇబ్బంది తర్వాత, ఇంగ్లిష్ అక్షరాల రూపం చివర పెట్టాం. తెగితే తోకే తెగాలి.

దీనికి యజమాని నుంచి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే: ‘డబ్బు నాది, వీడియో నాది, టైటిల్‌లో నా బ్రాండు పేరేది?’ బ్రాండు పేరు తెలిసినవాళ్లు ఆ పేరే కొట్టి నేరుగా ఛానల్‌కు వస్తారు. తెలియనివాళ్లు దాన్ని వెతకనే లేరు. టైటిల్ కింద ఛానల్ పేరు ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి బ్రాండు పేరును మొదట పెడితే, పొడి పేరు ఉండాల్సిన చోటును మనకు మనమే పోగొట్టుకున్నట్టు. పేరు బాగా నాటుకుపోయిన పెద్ద కంపెనీకి ఈ సలహా వర్తించదు, ఎందుకంటే అక్కడ బ్రాండు పేరునే జనం వెతుకుతారు. రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది: ‘పల్లి కారం వెతికేవాళ్లు ఇంట్లో చేసుకుందామని వెతుకుతారు. చేసుకునేవాళ్లు కొంటారా?’ అందరూ కొనరు, నిజమే. కానీ అమ్మకం మాటలతో టైటిల్ పెట్టినంతమాత్రాన కొనేవాళ్లు పుట్టుకురారు. తయారీ చూడటానికి వచ్చినవాళ్లలో ఓపిక లేనివాళ్లు, ఊరికి దూరంగా ఉన్నవాళ్లు, ఒకసారి ముద్ద చేసుకుని విసిగినవాళ్లు ఉంటారు. వాళ్లకు ఆర్డర్ లింకు డిస్క్రిప్షన్‌లో ఎదురుకావాలి. దీనికి తిరుగులేని షరతు ఒకటుంది. టైటిల్‌లో తయారీ అని చెప్పి లోపల నలభై సెకన్ల ప్రకటన పెడితే చూసేవాళ్లు క్షణాల్లో వెళ్లిపోతారు. ఆ వెళ్లిపోవడాన్ని యూట్యూబ్ గమనిస్తుంది కూడా. చేతిలో ఉన్నది ప్రకటనే అయితే టైటిల్ మార్చి ప్రయోజనం లేదు, వీడియోనే మళ్లీ తీయమని చెప్పగల ధైర్యం రాసేవాళ్లకు ఉండాలి.

‘యూట్యూబ్‌కు తెలుగు వస్తుంది కదా, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా తెలుగు టైటిళ్లు చూపిస్తుంది, రెండు లిపులూ ఎందుకు?’ అనేవాళ్లూ ఉన్నారు. చూపిస్తుంది, కొంతవరకు. ‘palli karam podi’ అని ఒకసారి, ‘పల్లి కారం పొడి’ అని ఒకసారి వెతికి, మొదటి పది ఫలితాలను పక్కపక్కన రాసి చూడండి. రెండు జాబితాలు ఎంత కలిశాయో, ఎంత విడిపోయాయో చూస్తే ఆ నమ్మకం మీద ఎంత ఆధారపడొచ్చో మీకే తెలుస్తుంది. పైగా టైటిల్‌ను యంత్రంతోపాటు మనిషీ చదువుతాడు. బయటి దేశాల్లో పెరిగి తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలకు ఇంగ్లిష్ అక్షరాల తోకే ఆధారం. ‘kaaram’, ‘pallila’ లాంటి మిగతా స్పెల్లింగులను మాత్రం ట్యాగుల గడిలో వేయండి. వీడియో దొరకడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువని, జనం తరచూ తప్పుగా రాసే మాటలకైతే పనికొస్తాయని యూట్యూబే చెబుతోంది.

డిస్క్రిప్షన్‌కు 5,000 క్యారెక్టర్ల చోటుంది కానీ విప్పకుండా కనిపించేది పై ఒకటి రెండు పంక్తులే. చాలామంది ఆ చోటును ‘లైక్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి’కి ఇచ్చేస్తారు. మన వీడియోకు మొదటి వాక్యం ఇలా ఉండొచ్చు: ‘పల్లి కారం పొడిని, అంటే కోస్తాలో వేరుశనగ పొడి, సీమలో శనక్కాయల పొడి, బుడ్డల పొడి అనేదాన్ని, మిక్సీలో నూనె వదలకుండా ఎలా చేసుకోవాలో ఈ వీడియోలో చూడండి.’ టైటిల్‌లో పట్టని పేర్లన్నీ ఒక మామూలు వాక్యంలో ఒదిగిపోయాయి. దాని కింద ఆర్డర్ లింకు, ఆ కింద కొలతలు: ఒక కప్పు పల్లీలు, పది ఎండుమిర్చి, ఒక టీస్పూను జీలకర్ర, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, తగినంత ఉప్పు. కొలతలు రాస్తే పదార్థాల పేర్లు వాటంతటవే వచ్చేస్తాయి. వెతుకులాటకు అవసరమైన మాటలు, చదివేవాళ్లకు అవసరమైన మాటలు ఒకటే అయిపోయే చోటిది. చివర్లో సమయాలు: 0:00 పల్లీలు వేయించడం, 1:10 మిర్చి పొడి, 2:05 ముద్ద కట్టకుండా తిప్పడం. మొదటిది 0:00తో మొదలై, కనీసం మూడు భాగాలుండి, ఒక్కొక్కటి పది సెకన్లకు తగ్గకపోతేనే అవి చాప్టర్లుగా పనిచేస్తాయి. ఇదే వీడియోను షార్ట్‌గా కోసి పెడితే మాత్రం, షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో లింకు నొక్కినా తెరుచుకోదని గుర్తుంచుకుని ఆర్డర్ దారిని వేరేచోట చూపాలి.

ఇంత చోటుంది కదా అని పొడులు, పచ్చళ్లు, పిండివంటల పేర్లన్నీ కింద గుమ్మరించేవాళ్లున్నారు. వీడియోతో సంబంధంలేని మాటలు గుప్పించడం యూట్యూబ్ నిబంధనలకే విరుద్ధం. దానికంటే సూక్ష్మమైన ఆశ ‘పల్లి చట్నీ’ది. టిఫిన్లలోకి దాన్ని వెతికేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ మాట కలిపితే కొన్ని చూపులు రావొచ్చు. వచ్చినవాళ్లకు కావలసింది ఇడ్లీలోకి తడి చట్నీ, మనం చూపేది పొడి. వదులుకోవడమే మంచిది. ‘షుగర్‌ను తగ్గించే పల్లి కారం’ లాంటి టైటిల్ యజమాని అడిగినా రాయకూడదు. ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందనో నివారిస్తుందనో ప్రకటించడాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. మాట రాసింది మీరే అయినా చిక్కు బ్రాండుకూ తప్పదు.

రాసిన టైటిల్ సరైనదో కాదో 28 రోజుల తర్వాత యూట్యూబ్ స్టూడియోలో తెలుస్తుంది. అనలిటిక్స్‌లో చూపులు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే చోట యూట్యూబ్ సెర్చ్ మీద నొక్కితే, ఏయే మాటలు కొట్టి వచ్చారో వరుసగా ఉంటుంది. అక్కడ ‘బుడ్డల పొడి’ పైకి వస్తే మనం కొనుగోలుదారులను తప్పుగా అంచనా వేశామన్నమాట, తర్వాతి వీడియోకు ఆ పేరునే టైటిల్‌లోకి తేవాలి. ఫలితాల్లో ఎక్కువసార్లు కనిపించినా నొక్కేవాళ్లు తక్కువైతే టైటిలో థంబ్‌నెయిలో ఆకట్టుకోవడం లేదు. నొక్కి అర నిమిషంలో వెళ్లిపోతుంటే ముద్ద కట్టని కిటుకు వీడియోలో మరీ ఆలస్యంగా వస్తోంది. ఈ రెండు జబ్బులకు మందు ఒకటి కాదు. రెండోదానికి టైటిల్‌ను ఎన్నిసార్లు తిరగరాసినా లాభం లేదు.

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు సర్టిఫికెట్‌తోపాటు ఇలాంటి కాగితం ఒకటి తీసుకెళ్లొచ్చు. తెలిసినవాళ్లెవరైనా ఇంట్లో పొడులు చేసి అమ్ముతుంటే వాళ్ల వీడియోలు మూడింటికి అడిగి ఈ పని చేయండి. ఒక్కో వీడియోకు పాత టైటిల్, సూచనల వరుసలో దొరికిన మాటలు, వాటిలో ఏది ఎందుకు ఎంచారో రెండు వాక్యాలు, కొత్త టైటిల్, 28 రోజులకు స్టూడియో చూపిన వెతుకుమాటలు రాయండి. మూడింటిలో ఒకటి విఫలమైతే దాన్ని తీసేయకండి. ఎందుకు విఫలమైందో పక్కనే రాసి ఉంచండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కువ ప్రశ్నలు అడిగేది దాని గురించే కావొచ్చు.