నిద్ర పట్టలేదా, నిద్ర అక్కర్లేకపోయిందా?

క్లినికల్ సైకాలజీ చదివేవాళ్లకు రాతపరీక్షలోనో, ప్రాక్టికల్‌లోనో, ఉద్యోగ ఇంటర్వ్యూలోనో ఈ కేసు ఏదో ఒక రూపంలో తగులుతుంది. ఒక యువతి. మూడ్ మారిపోతుంటుంది, కోపం ఎక్కువ, డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెట్టింది, చెయ్యి కోసుకుంది. ఇది బైపోలార్ టూనా, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డరా? కారణాలతో రాయండి.

చాలామంది పేజీ మధ్యలో గీత గీసి, అటు ఒక జబ్బు లక్షణాలు, ఇటు ఇంకో జబ్బు లక్షణాలు రాసేస్తారు. అప్పగించిన పాఠంలా ఉంటుంది తప్ప కేసు అందులో కనబడదు. పైగా కోపం, దుడుకుతనం, చనిపోవాలన్న ఆలోచన రెండు వైపులా ఉండేవే. తేడా లక్షణాల పేర్లలో కన్నా కాలంలో దొరుకుతుంది. అది ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లుంది, ఏం జరిగాక వచ్చింది, రెండు విడతల మధ్య ఆ మనిషి ఎలా ఉంది అన్న నాలుగు సంగతులు తేలితే జవాబు దాదాపు తేలినట్టే.

ఒక కేసు తీసుకుందాం. ఇది సాధన కోసం అల్లింది, ఎవరి కథా కాదు. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గరి పల్లె. వయసు 26, పెళ్లయి నాలుగేళ్లు. గుంటూరు శివారులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తుంది. ఊళ్లో డాక్టరు చీటీ మీద ‘మూడ్ స్వింగ్స్, చెయ్యి కోసుకుంది’ అని రాసి పంపాడు. మూడు వారాలుగా పనికి పోవడం లేదు. దేని మీదా మనసు పోదు, పగలంతా పడుకునే ఉంటుంది, తిండి తగ్గింది, తను దండగ అంటుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్లాలి. తేదీలు అడిగితే ఎవరికీ గుర్తుండవు. మిర్చి ప్రాంతంలో పంటే క్యాలెండరు. ‘మొదటి కోతకు ముందా తర్వాతా? సంక్రాంతికి బాగానే ఉందా? యార్డు వేసవి సెలవులకి మూసేసరికి తేరుకుందా?’ అని అడిగితే అత్తగారు వారాల లెక్కన చెప్పేస్తుంది. అలా అడిగితే బయటపడ్డ వరస ఇదీ. డిగ్రీ రెండో ఏడు, వయసు 19: రెండు నెలలు మంచం దిగలేదు, పరీక్షలు పోయాయి, తర్వాత తనంతట తను కోలుకుంది. వయసు 23, ఫిబ్రవరి: ఎనిమిది రోజులు మనిషే మారిపోయింది. అదే ఏడాది వానాకాలంలో ఆరు వారాల కుంగుబాటు, మొదటిసారి చెయ్యి కోసుకుంది. వయసు 25: మళ్లీ కుంగుబాటు, డాక్టరు ఎస్సిటలోప్రామ్ రాశాడు. మూడో వారంలో ఐదు రోజులు హుషారు తలకెక్కింది, మాత్ర ఆపేశారు, రెండు మూడు రోజుల్లో చల్లబడింది. ఇప్పుడు 26. మేనమామ ఏళ్లుగా లిథియం వాడుతున్నాడు.

ఆ ఫిబ్రవరి ఎనిమిది రోజుల మీదే కేసంతా నిలబడుతుంది. అందుకే అక్కడ తొందరపడకూడదు. ఫిబ్రవరిలో కొత్త పంట దిగుతుంటుంది, కోల్డ్ స్టోరేజీల ముందు లారీలు బారులు తీరతాయి, లెక్కలు రాసేవాళ్లకు రాత్రి పదకొండుకి గానీ ఇంటి ముఖం ఉండదు. ఆ నెలలో నాలుగు గంటలే పడుకుంది అన్న ఒక్క మాట పట్టుకుని హైపోమేనియా అని రాస్తే తప్పు. అక్కడ పనిచేసే వాళ్లందరూ అంతే పడుకుంటారు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: నిద్ర పట్టలేదా, పడుకునే వీలు లేదా, నిద్ర అక్కర్లేకపోయిందా? మొదటిది దిగులుతోనూ వస్తుంది, రెండోది పని ఒత్తిడి, మూడోదే హైపోమేనియా వైపు చూపుతుంది. మర్నాడు అలసట ఉందా లేదా అన్నదే దీనికి తూకం.

అత్తగారి మాటల్లోనే వినండి: ‘పన్నెండింటికొచ్చి మూడింటికే లేచేది. ఇల్లు కడిగేది, బీరువా సర్దేది. పడుకోవే అంటే, నాకసలు అలసటే లేదత్తయ్యా అనేది. ఎన్నడూ పలకరించని చుట్టాలందరికీ ఫోన్లు. మాట మధ్యలో మనల్ని మాట్లాడనిచ్చేది కాదు.’ ఆ వారంలోనే వాట్సాప్‌లో చీరల వ్యాపారం పెడతానని మంగళగిరి నుంచి అప్పు మీద 40 వేల రూపాయల సరుకు తెచ్చింది. పని మానలేదు, లెక్క తప్పలేదు, ఆసుపత్రి దాకా పోలేదు, లేనిపోనివి వినబడటం, కనబడటం లేవు.

డీఎస్ఎం-5 ప్రకారం హైపోమేనియాకి ఉత్సాహమో చిరాకో మామూలుకి మించి ఉండాలి, దాంతోపాటు శక్తి, చురుకుదనం పెరగాలి. ఇది వరసగా కనీసం 4 రోజులు, రోజులో ఎక్కువ భాగం ఉండాలి. ఏడు లక్షణాల్లో మూడు ఉండాలి, మూడ్ కేవలం చిరాకే అయితే నాలుగు. ఈమెకు నిద్ర అవసరం తగ్గడం, మాటల ఉరవడి, పనుల హడావుడి, వెనకాముందూ చూడని ఖర్చు, మొత్తం నాలుగు తేలాయి. మార్పు ఇంట్లోవాళ్లకి కనబడింది. జీవితం తలకిందులయ్యేంత తీవ్రత లేదు కాబట్టి మేనియా కాదు. ఇదంతా జవాబులో రాయాలి, కానీ పుస్తకం వాక్యాలతో కాదు. ‘వాక్ప్రవాహం పెరిగింది’ అని రాసేకన్నా ‘మాట మధ్యలో మనల్ని మాట్లాడనిచ్చేది కాదు (అత్తగారు)’ అని రాసి, పక్కన లక్షణం పేరు పెట్టండి. ఎవరు చెప్పారో కూడా ఉండాలి. కుంగుబాటులో ఉన్న మనిషి తన మంచి రోజుల్ని కూడా తక్కువ చేసే చెబుతుంది. హైపోమేనియా రోజుల్నైతే జబ్బు కింద లెక్కే వేయదు, ‘అప్పుడే బాగున్నాను’ అంటుంది.

ఎస్సిటలోప్రామ్ వాడినప్పటి ఐదు రోజుల సంగతి ఒక ఉచ్చు. తెలివైన అభ్యర్థులే ఇందులో పడతారు. ఐదు రోజులంటే నాలుగు దాటింది కదా అని దాన్నే రుజువుగా చూపిస్తారు. కుంగుబాటు మందు వల్ల వచ్చిన హుషారు, మందు ప్రభావం పోయాక కూడా పూర్తి స్థాయిలో కొనసాగితేనే హైపోమేనియా విడతగా లెక్కకొస్తుంది. ఇక్కడ మందు ఒంట్లోంచి పోయేలోపే చల్లబడింది. కాబట్టి దాన్ని నిర్ధారణకు వాడొద్దు, అనుమానాన్ని బలపరిచే సంగతిగా రాయండి. డాక్టరుకి మాత్రం ఇది తప్పకుండా తెలియాలి, ఎందుకంటే కుంగుబాటు మందు ఒక్కదాన్నే మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది దీని మీద ఆధారపడుతుంది. మందు రాయడం సైకాలజిస్టు పని కాదు, ఆ సమాచారం అందించడం మన పనే.

ఇక చెయ్యి కోసుకోవడం. అమ్మాయి, కోసుకుంది అనగానే పెన్ను దానంతటదే బోర్డర్‌లైన్ అని రాసేస్తుంది. ఈమె రెండుసార్లు కోసుకుంది, రెండూ కుంగుబాటు విడతల్లోనే. మధ్య కాలంలో ఒక్కసారి కూడా లేదు. ఇంటర్ నుంచి ఉన్న స్నేహితురాలు ఇప్పటికీ ఉంది. ఆరేళ్లుగా ఒకటే ఉద్యోగం. భర్త చెన్నై పనికి వెళ్లి పది రోజులు ఫోను సరిగ్గా చేయకపోతే విసుక్కుంది, అంతే. ఎదురు వైపు సంగతి కూడా ఒకటుంది, దాన్ని దాచొద్దు: ఆడబడుచుతో మాటామాటా వచ్చినప్పుడు గిన్నెలు విసిరేస్తుంది, రెండు గంటల్లో సర్దుకుంటుంది. ఇది ఉంది కానీ, ఇదొక్కటే ఉంది.

ఇదే కేసులో నాలుగు సంగతులు మార్చి చూడండి. మెసేజికి భర్త జవాబివ్వలేదని మధ్యాహ్నం ప్రళయం, సాయంత్రం అతను రాగానే నవ్వులు. పదిహేనో ఏటి నుంచి ఇదే తీరు, బాగున్న నెల అంటూ ఎవరూ చూపించలేరు. నిన్న దేవత అన్న స్నేహితురాలు ఇవాళ ద్రోహి. లోపల ఎప్పుడూ ఖాళీగా ఉంటుందంటుంది, వదిలేసి పోతారన్న భయంతో చెయ్యి కోసుకుంటుంది. ఇక్కడ మూడ్ గంటల లెక్కన మారుతుంది, అరుదుగానే కొన్ని రోజులు దాటుతుంది. ప్రతి మార్పు వెనకా ఒక మనిషి ఉంటాడు. తొమ్మిది లక్షణాల్లో ఐదు ఇలా ఏళ్ల తరబడి, అన్నిచోట్లా కనిపిస్తే అప్పుడు బోర్డర్‌లైన్. మన కేసులో విడతల మధ్య మనిషి మామూలుగా ఉంది, దీనిలో మామూలే లేదు.

రెండూ కలిసి ఉండవా? ఉంటాయి, అరుదు కూడా కాదు. అయితే రెండూ రాయాలంటే రెండింటికీ వేరువేరు రుజువు చూపాలి. కుంగుబాటులో ఉన్న మనిషి నడతని చూసి వ్యక్తిత్వ సమస్య అని రాయడం తగదు. కోలుకున్నాక మళ్లీ చూడాలి, లేదా బాగున్న కాలం గురించి ఇంట్లోవాళ్లని అడగాలి.

ప్రశ్నావళుల స్కోర్లు ఇస్తే వాటి మీద వాలిపోకండి. బైపోలార్ కోసం వాడే ఎండీక్యూలో 13 ప్రశ్నలు, బోర్డర్‌లైన్ కోసం వాడే ఎంఎస్ఐ-బీపీడీలో 10. రెండింటిలోనూ ఏడు దగ్గర గీత ఉంది, ఎండీక్యూలో ఆ లక్షణాలు ఒకే సమయంలో వచ్చాయా, ఎంత ఇబ్బంది పెట్టాయి అన్నవి అదనం. బోర్డర్‌లైన్ ఉన్నవాళ్లు కూడా ఎండీక్యూలో గీత దాటుతుంటారు. ‘ఎప్పుడైనా చిరాగ్గా ఉన్నారా, ఖర్చు ఎక్కువ చేశారా’ అంటే వాళ్లూ అవుననే అంటారు. ఆ ప్రశ్నకి కాలం తెలియదు.

ముగింపు పేరా ఇలా ఉండొచ్చు: ‘ప్రస్తుతానికి బైపోలార్ టూ, కుంగుబాటు విడతలో ఉంది. ఆధారాలు: మందుల ప్రమేయం లేని 8 రోజుల హైపోమేనియా, అత్తగారి సాక్ష్యం, మూడు పాత కుంగుబాటు విడతలు, మధ్యలో మామూలు జీవితం, మేనమామ ఏళ్లుగా లిథియం వాడటం. వ్యతిరేకంగా: గంటల పాటు ఉండే కోపం, రెండుసార్లు కోసుకోవడం, కానీ ఆ కోసుకోవడం విడతల్లోనే. బోర్డర్‌లైన్ ప్రస్తుతానికి నిర్ధారించలేదు. తేలాల్సినవి: థైరాయిడ్ పరీక్ష, మద్యం వాడకం, పుట్టింటివాళ్లతో సంభాషణ, కోలుకున్నాక వ్యక్తిత్వ పరీక్ష.’ ఐసీడీ-10లో బైపోలార్ టూకి సొంత అంకె లేదు, F31.8 కింద వేస్తారు. ఐసీడీ-11లో 6A61 అని విడిగా ఇచ్చారు. ఏ పుస్తకం వాడుతున్నారో ముందే ఒక్క మాటలో చెప్పండి. చదివి ఉండీ రెండు పుస్తకాల అంకెలూ కలిపేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు.

ఇక చాలామంది వదిలేసే పేరా ఒకటుంది. పత్తి, మిర్చి వేసే ఇంట్లో పురుగుమందు డబ్బా పంచలోనో పశువుల కొట్టంలోనో ఉంటుంది. జబ్బు పేరు ఏదైనా సరే, నిర్ధారణ కన్నా ముందు ఆ డబ్బా సంగతి రాయాలి: ఇంట్లో ఉందా, ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గర, ఇవాళ సాయంత్రానికి దాన్ని ఎవరు బయటికి తీసుకెళ్తారు. ‘ఆత్మహత్య ప్రమాదం: మధ్యస్థం’ అని రాసి ఊరుకుంటే పేపరు దిద్దేవాళ్లకు మీరు ఇంట్లోకి తొంగి చూడలేదని తెలిసిపోతుంది. అత్తగారి పేరు మీద ఆ బాధ్యత రాసి, టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చామని, వారంలోపు మళ్లీ రమ్మన్నామని చేర్చండి.

వైవాలో ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో చెప్పొచ్చు: ‘ఏం తెలిస్తే మీ నిర్ధారణ మార్చుకుంటారు?’ మన కేసులో సమాధానాలు రెండున్నాయి. ఆ ఫిబ్రవరిలో నిజానికి అలసిపోయే ఉందని, ఆదివారం పగలంతా పడుకుందని కోల్డ్ స్టోరేజీలో తోటి మనిషి చెబితే హైపోమేనియా కూలిపోతుంది, మిగిలేది మళ్లీ మళ్లీ వచ్చే కుంగుబాటు. స్కూలు రోజుల నుంచీ ఇలాగే కోసుకునేదని తల్లి చెబితే వ్యక్తిత్వం వైపు తలుపు మళ్లీ తెరుచుకుంటుంది.